బొమ్మ పోయిన లెక్కకు జవాబు ఎంతవరకు రాబట్టవచ్చు?

ప్రశ్న: పాత భౌతిక శాస్త్రం లెక్కల నోట్సు ఒకటి ఫైలుగా దొరికింది. బొమ్మలన్నీ ఎగిరిపోయాయి. వాటి కింది క్యాప్షన్లు, ప్రశ్నలు మాత్రం మిగిలాయి. "బొమ్మలో చూపినట్లు" అని ఉన్న లెక్కలన్నీ వదిలేయాలా, ఉన్న మాటలతోనే ఏమైనా చేయవచ్చా?

జవాబు:

అన్నీ వదలనక్కర్లేదు. నేను భౌతిక శాస్త్రం బోధిస్తాను. ఫైలు ఒక రూపం నుంచి మరో రూపానికి మారేటప్పుడు బొమ్మలు రాలిపోయిన కాగితాలు పిల్లలు తరచూ పట్టుకొస్తారు. అలాంటి లెక్క చేతికి రాగానే నేను చూసేది ఒక్కటే: మిగిలిన మాటలకు సరిపోయే బొమ్మలు ఎన్ని గీయవచ్చు, వాటన్నిటికీ జవాబు ఒకటేనా? ఒకటే అయితే అసలు బొమ్మ ఏదైనా మనకు పని లేదు. వేరు వేరు జవాబులు వస్తుంటే, వాటిలో కొన్నింటిని కొట్టేయగల మాట చుట్టుపక్కల ఎక్కడైనా ఉందేమో వెతకాలి.

బొమ్మతో పని లేని లెక్కలు అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటాయి. "బొమ్మలో చూపిన నున్నటి వాలు తలంపై 5 మీటర్ల ఎత్తు నుంచి ఒక దిమ్మెను నిశ్చల స్థితి నుంచి వదిలారు. అడుగున దాని వేగం ఎంత?" అన్న ప్రశ్న తీసుకోండి. వాలు ఎంత కోణంలో ఉందో బొమ్మలోనే ఉండి ఉంటుంది, అది పోయింది. అయినా ఘర్షణ లేదు కాబట్టి స్థితిశక్తి అంతా గతిశక్తి అవుతుంది. g విలువ 10 అనుకుంటే 2 × 10 × 5 = 100, దాని వర్గమూలం 10. కోణం 30 డిగ్రీలైనా 60 డిగ్రీలైనా వేగం సెకనుకు 10 మీటర్లే.

అదే లెక్కలో రెండో ప్రశ్నగా "అడుగుకు చేరడానికి ఎంత సమయం పడుతుంది?" అని ఉంటే కథ మారుతుంది. 30 డిగ్రీల వాలు మీద 2 సెకన్లు పడుతుంది, నిట్టనిలువుగా పడితే 1 సెకను. కోణం చెప్పే మాట ఎక్కడా లేకపోతే కచ్చితమైన సమయం చెప్పలేం. అప్పుడు కూడా చెప్పడానికి కొంత మిగిలే ఉంటుంది: ఏ వాలు మీదైనా 1 సెకను కన్నా తక్కువ పట్టదు. ఒకే బొమ్మ మీద అడిగిన రెండు ప్రశ్నల్లో ఒకటి బతికి, మరొకటి పోవచ్చని గుర్తుంచుకుంటే సగం తికమక తగ్గుతుంది. లెక్క మొత్తాన్ని ఒక్క మాటలో "చేయవచ్చు", "చేయలేం" అని తేల్చేయకూడదు.

ఇప్పుడు అసలైన పరీక్షకు, అంటే విద్యుత్ వలయాలకు వద్దాం. బొమ్మ లేకపోతే అందరూ చేతులెత్తేసేది ఇక్కడే. ఈ లెక్క చూడండి:

"2 ఓమ్, 3 ఓమ్, 6 ఓమ్ నిరోధాలను బొమ్మలో చూపినట్లు 6 వోల్టుల బ్యాటరీకి కలిపారు. బ్యాటరీ అంతర్నిరోధాన్ని విస్మరించండి. (అ) బ్యాటరీ నుంచి ఎంత విద్యుత్తు ప్రవహిస్తుంది? (ఆ) 6 ఓమ్ నిరోధంలోని విద్యుత్తు 3 ఓమ్ నిరోధంలోని విద్యుత్తులో సగమని చూపండి. (ఇ) 2 ఓమ్ నిరోధం కాలి తెగిపోతే 3 ఓమ్ నిరోధంలో ఎంత విద్యుత్తు ఉంటుంది?" కింద ఖాళీ చోటు, దాని కింద "బొమ్మ 4: శ్రేణి, సమాంతర సంధానాల మిశ్రమ వలయం" అన్న క్యాప్షన్.

మూడు వేరు వేరు నిరోధాలను, మూడూ పనిలో ఉండేలా, ఒక బ్యాటరీకి కలపడానికి ఎనిమిది మార్గాలే ఉన్నాయి. మూడూ శ్రేణిలో ఒకటి, మూడూ సమాంతరంగా ఒకటి. మిగిలిన ఆరూ మిశ్రమాలు: ఏదో ఒక నిరోధం శ్రేణిలో ఉండి మిగతా రెండూ సమాంతరంగా ఉండేవి మూడు, ఏదో ఒక నిరోధానికి మిగతా రెండూ శ్రేణిలో కలిసి సమాంతరంగా ఉండేవి మూడు. ఎనిమిదికీ ఫలిత నిరోధాలు వేరు వేరు కాబట్టి ప్రశ్న (అ)కు ఎనిమిది జవాబులు రావచ్చు.

క్యాప్షన్ "మిశ్రమ" అంటోంది కాబట్టి మొదటి రెండు మార్గాలూ పోయి ఆరు మిగులుతాయి. చాలామంది ఇక్కడే ఆగి, క్యాప్షన్ చాలలేదని పుస్తకం మూసేస్తారు. కానీ ప్రశ్న (ఆ)ను మళ్లీ చదవండి. అది మనల్ని ఏదో నిరూపించమంటోంది, అంటే అది ఆ బొమ్మ విషయంలో నిజమని లెక్క రాసిన వ్యక్తి స్వయంగా చెబుతున్నారు. "చూపండి" అని ముగిసే ప్రశ్నలన్నీ దత్తాంశాలే. బొమ్మ పోయినప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేవి అవే.

6 ఓమ్‌లో విద్యుత్తు 3 ఓమ్‌లో దానికి సగం అంటే, విద్యుత్తును నిరోధంతో గుణిస్తే రెండింటి మీదా ఒకే పొటెన్షియల్ భేదం రావాలి. ఇది ఏయే మార్గాలకు కుదురుతుంది? 3, 6 శ్రేణిలో ఉంటే రెండింటిలో విద్యుత్తు సమానం, కుదరదు. 3 ఓమ్ ఒక్కటే శ్రేణిలో ఉండి 2, 6 సమాంతరంగా ఉంటే 6 ఓమ్‌లోకి వెళ్లేది నాలుగో వంతు, అదీ కుదరదు. 6 ఓమ్ శ్రేణిలో ఉంటే అందులోనే ఎక్కువ విద్యుత్తు ఉంటుంది. 2, 6 శ్రేణిలో కలిసి 3కు సమాంతరంగా ఉంటే 6 ఓమ్, 3 ఓమ్‌లలోని విద్యుత్తుల నిష్పత్తి 3కు 8. అలాగే 2, 3 శ్రేణిలో కలిసి 6కు సమాంతరంగా ఉంటే ఆ నిష్పత్తి 5కు 6. ఇలా కొట్టేస్తూ పోతే మిగిలేవి రెండే: మూడూ సమాంతరంగా ఉన్నది, 2 ఓమ్ శ్రేణిలో ఉండి 3, 6 సమాంతరంగా ఉన్నది.

అంటే ప్రశ్న (ఆ) ఒక్కటే ఉంటే రెండు బొమ్మలు, క్యాప్షన్ ఒక్కటే ఉంటే ఆరు. రెండూ కలిస్తే ఒక్కటే. 3, 6 సమాంతరంగా కలిసి 2 ఓమ్ అవుతాయి, దానికి శ్రేణిలోని 2 ఓమ్ చేరి ఫలిత నిరోధం 4 ఓమ్. బ్యాటరీ నుంచి వచ్చేది 1.5 ఆంపియర్. అందులో 3 ఓమ్ గుండా 1 ఆంపియర్, 6 ఓమ్ గుండా 0.5 ఆంపియర్. సగమని రుజువైంది కూడా. ఇక (ఇ) సంగతి: 2 ఓమ్ తెగిపోతే దారే లేదు కాబట్టి సున్నా.

ఈ అంకెల్లో ఒక ఉచ్చు ఉంది. 2, 3, 6 సమాంతరంగా కలిస్తే ఫలితం సరిగ్గా 1 ఓమ్. వలయాల లెక్కలు కొన్ని చేసిన విద్యార్థి ఈ మూడు అంకెలు చూడగానే "ఇది ఆ లెక్కే" అనుకుని 6 ఆంపియర్లు అని రాసేస్తాడు. అంకెలు ముచ్చటగా ఉన్నాయన్నది సాక్ష్యం కాదు, ఎందుకంటే మన 4 ఓమ్ కూడా అంతే ముచ్చటగా ఉంది. క్యాప్షన్ లేకపోయి ఉంటే నేనైతే 1.5, 6 రెండూ రాసి, ఏ సంధానానికి ఏది వస్తుందో పక్కన చెప్పేవాణ్ని. బాగా తెలిసిన లెక్కను జ్ఞాపకం నుంచి తెచ్చి ఖాళీ చోట అతికించే అలవాటు, అసలు ఏమీ తెలియకపోవడం కన్నా ప్రమాదం. తెలియనివాడు కనీసం అడుగుతాడు.

ఇక్కడ మరో అనుమానం న్యాయమే. బొమ్మలో ఒక కీ గానీ, ఏదో నిరోధం పక్కనుంచి వెళ్లే వట్టి తీగ గానీ ఉండి ఉంటే? అప్పుడు ఎనిమిది మార్గాల లెక్కే తప్పుతుంది. దీనికి పూర్తి హామీ ఏమీ లేదు. అయితే కీ ఉన్న వలయంలో "కీ మూసినప్పుడు" అన్న మాట ప్రశ్నలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది, అమ్మీటర్ ఉంటే దాని రీడింగు అడుగుతారు. ఆ మాటలేవీ లేవు కాబట్టి లేవనే అనుకున్నాను. అలా అనుకున్న సంగతి జవాబు మొదట ఒక వాక్యంగా రాయాలి.

క్యాప్షన్‌ను నమ్మే ముందు అది ఈ లెక్కదేనా అన్నది చూడండి. బొమ్మలు పోయిన ఫైళ్లలో క్యాప్షన్లు పైకో కిందికో జరిగి, పక్క లెక్క కింద చేరడం మామూలే. సంఖ్య ఒక్కటి సరిపోతే చాలదు. క్యాప్షన్‌లోని వస్తువులు, అక్షరాలు ప్రశ్నలోనూ ఉండాలి. ప్రశ్న మూడు నిరోధాల గురించి ఉండి, క్యాప్షన్ "కెపాసిటర్ల సంధానం" అంటే అది పక్కింటిది. ఒక క్యాప్షన్ జరిగిందంటే ఆ పేజీలో మిగతావి కూడా జరిగి ఉంటాయి, వరుసగా అన్నీ సరిచూసుకోవాలి.

కొన్నింటికి మాత్రం మందు లేదు. "బొమ్మలోని వేగం-కాలం గ్రాఫు నుంచి 4 సెకన్లలో ప్రయాణించిన దూరం కనుక్కోండి" అంటే గ్రాఫే దత్తాంశం. "బొమ్మ 7: ఒక కారు వేగం-కాలం గ్రాఫు" అనే క్యాప్షన్ ఏ అక్షం మీద ఏముందో చెబుతుంది, గ్రాఫు కింది వైశాల్యమే దూరమన్న పద్ధతిని మీరు రాయవచ్చు, అంకె రాయలేరు. వెర్నియర్ రీడింగులు, మీటరు ముల్లు చూపిన విలువలు కూడా ఇంతే. వీటి దగ్గర గంటలు గడపకుండా ముందుకు వెళ్లండి.

జవాబుల పట్టిక ఫైలు చివర మిగిలి ఉంటే అదో వరం, కానీ దాన్ని వాడే తీరు వేరు. "O కేంద్రంగా ఉన్న వృత్తంపై A, B, C బిందువులు ఉన్నాయి. కోణం AOB 100 డిగ్రీలు. కోణం ACB ఎంత?" అన్న లెక్కకు బొమ్మ లేకపోతే C పెద్ద చాపం మీద ఉంటే 50, చిన్న చాపం మీద ఉంటే 130. ఇచ్చిన ఎంపికలు 40, 50, 80, 100 అయితే 50 గుర్తు పెట్టవచ్చు. ఎంపికల్లో 50, 130 రెండూ ఉంటే పట్టిక చూసి C ఎక్కడుందో వెనక్కి తెలుసుకోవచ్చు. అప్పుడు నోట్సులో "పట్టికలో 130 ఉంది కాబట్టి C చిన్న చాపం మీద ఉన్నట్టు తీసుకున్నాను" అని రాసి పెట్టుకోండి. పట్టికలో అచ్చుతప్పు ఉంటే మీ బొమ్మా తప్పుతుంది. ఆ మాట రాసి ఉంటే ఎక్కడ సరిదిద్దాలో తర్వాత తెలుస్తుంది.