జెట్‌లాగ్‌కి నిద్రమాత్ర సరిపోతుందా?

ప్రశ్న: "సంక్రాంతికి లండన్ నుంచి వైజాగ్ వస్తున్నాను, పది రోజులే సెలవు. పోయినసారి రాత్రి మూడింటిదాకా నిద్ర పట్టేది కాదు. ఈసారి అమ్మ వాడే నిద్రమాత్ర రోజూ ఒకటి వేసుకుంటే సరిపోతుంది కదా? మెలటోనిన్ కూడా నిద్రమాత్రేనా, కాస్త పవరు తక్కువదా?"

మూడేళ్ల క్రితం నేను చేసింది సరిగ్గా ఇదే. నా ఉద్యోగం లండన్‌లో, ఇల్లు ఎంవీపీ కాలనీలో. భోగికి రెండు రోజుల ముందు దిగాను. రాత్రి రెండయినా హాల్లో తిరుగుతుంటే అమ్మ చూసి, నాన్నకి డాక్టరు రాసిన అల్ప్రజోలం 0.5 తెచ్చి చేతిలో పెట్టింది. "ఒకటి వేసుకోరా, తెల్లారేదాకా లేవవు" అంది. నిజంగానే లేవలేదు. మర్నాడు రాత్రి పదింటికి ఇంకొకటి వేసుకున్నాను. భోగి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి మంట దగ్గరికి రమ్మని లేపితే, తూలుతూ మెట్లు దిగి చివరి రెండు మెట్ల మీద జారిపడ్డాను. మోకాలు చీరుకుపోయింది. అదే మాత్ర వేసుకుని నాన్న పడి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నాలుగు రాత్రులయ్యాక, ఇక ఇక్కడి టైమ్‌కి అలవాటు పడి ఉంటానని మాత్ర మానేశాను. ఆ రాత్రి నిద్ర పట్టేసరికి మళ్లీ మూడయింది. ఈ రకం మందు ఆపిన రాత్రి నిద్ర మరింత చెడటం మామూలే, కొంత దానివల్ల కావచ్చు. కానీ అసలు సంగతి వేరు. మాత్ర నన్ను పడుకోబెట్టింది, నా ఒంట్లోని గడియారాన్ని జరపలేదు. అది ఇంకా లండన్ టైమ్‌లోనే తిరుగుతోంది.

లెక్క చూడండి. జనవరిలో లండన్ మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. వైజాగ్‌లో రాత్రి పది అంటే మీ ఒంటికి సాయంత్రం నాలుగున్నర. ఆ టైమ్‌లో నిద్ర రాకపోవడం జబ్బు కాదు. అల్ప్రజోలం మెదడుని మందగించి, మత్తుతో ఆ మెలకువని అణిచేస్తుంది, అంతే. పైగా వేసుకున్న మందులో సగం 11 గంటల తర్వాత కూడా రక్తంలో ఉంటుంది, పెద్దవయసు వాళ్లలో ఇంకా ఎక్కువసేపు. పదింటికి వేసుకుంటే తెల్లవారుజామున నాలుగున్నరకి ఎలా ఉంటానో నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

మెలటోనిన్ తక్కువ పవరున్న నిద్రమాత్ర కాదు. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి దాన్ని తయారు చేసి, రాత్రి అవుతోందని ఒళ్లంతటికీ కబురు పంపుతుంది. రోజూ పదకొండింటికి పడుకునే మనిషిలో ఆ కబురు సుమారు తొమ్మిదికి మొదలవుతుంది. మీకది లండన్ తొమ్మిది, అంటే వైజాగ్‌లో రాత్రి రెండున్నర. పోయినసారి మూడింటికి నిద్ర పట్టిందన్నారు కదా, సరిగ్గా సరిపోయింది. ఆ కబురు రాకముందు, కొన్ని గంటల ముందే బయటి నుంచి మెలటోనిన్ అందితే, రాత్రి త్వరగా వచ్చిందనుకుని గడియారం ముందుకు జరుగుతుంది. మీకు వైజాగ్‌లో రాత్రి పదింటికి వేసుకోవడం సరైన సమయం. అదే మాత్ర "రాత్రంతా నిద్ర లేదు, ఇప్పుడైనా పడుకుందాం" అని పగలు పదకొండు, పన్నెండింటికి వేసుకుంటే గడియారం వెనక్కి జరుగుతుంది. మందు అదే, డోసు అదే, ఫలితం తలకిందులు. నాకు పనిచేయలేదు అనేవాళ్లని ఎప్పుడు వేసుకున్నారో అడగండి.

డోసు పెంచితే ఎక్కువ జరుగుతుందనుకోకండి. 2002లో వైద్య పరీక్షల ఫలితాలని కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, చేరిన ఊళ్లో పడుకునే వేళకి వేసుకున్న అర మిల్లీగ్రామూ ఐదు మిల్లీగ్రాములూ జెట్‌లాగ్‌ని దాదాపు ఒకేలా తగ్గించాయి. ఐదైతే నిద్ర కాస్త త్వరగా పడుతుంది, అంతే తేడా. నెమ్మదిగా కరిగే రకం అంత బాగా పనిచేయలేదు కాబట్టి మామూలు మాత్రే తీసుకోండి. మన మందుల షాపుల్లో 3 మిల్లీగ్రాములది దొరుకుతుంది, అది చాలు. లండన్‌లో కొందామంటే ప్రిస్క్రిప్షన్ కావాలి.

ఇక ఎండ గురించి. నేను ఎక్కువ నష్టపోయింది ఇక్కడే. పొద్దున్నే ఎండలో నడిస్తే జెట్‌లాగ్ పోతుందని విని రోజూ ఆరున్నరకి బీచ్ రోడ్డు మీద ఉండేవాడిని. వైజాగ్ ఆరున్నర అంటే ఒంటికి అర్ధరాత్రి ఒంటిగంట. గాఢ నిద్రలో ఉండాల్సిన ఆ వేళ కళ్లలో వెలుగు పడితే, ఇంకా పొద్దు గుంకలేదనుకుని గడియారం వెనక్కి పోతుంది. ఒంటి ఉష్ణోగ్రత బాగా పడిపోయే సమయం, మామూలుగా లేచే టైమ్‌కి రెండు మూడు గంటల ముందు, దానికి సరిహద్దు. అంతకు ముందు పడిన వెలుగు వెనక్కి లాగుతుంది, తర్వాత పడింది ముందుకు తోస్తుంది. లండన్‌లో ఏడున్నరకి లేచేవాళ్లకి అది తెల్లవారుజామున ఐదు ప్రాంతం, మొదటి రోజు మన పదిన్నర.

మరుసటి ఏడాది భోగికి ఐదు రోజుల ముందే వచ్చాను. హైదరాబాద్‌లో విమానం మారి సాయంత్రానికి ఇల్లు చేరాను. తొమ్మిదికల్లా ట్యూబ్‌లైట్లు ఆపి, పదింటికి 3 మిల్లీగ్రాముల మెలటోనిన్ వేసుకుని ఫోన్ పక్కన పెట్టాను. పన్నెండున్నరకి నిద్ర పట్టింది. మధ్యలో మెలకువ వచ్చినా లైటు వేయలేదు, రెండో మాత్ర వేసుకోలేదు. పొద్దున పదిన్నర దాకా కర్టెన్లు వేసి ఉంచాను, పాల ప్యాకెట్లకి వెళ్లినప్పుడు చలువ కళ్లద్దాలు పెట్టుకున్నాను. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా డాబా మీదా వీధిలోనూ ఎండలో గడిపాను. రెండో రోజు తొమ్మిదిన్నరకే బయటికి, మూడో రోజు ఎనిమిదిన్నరకి, ఇలా రోజుకో గంట ముందుకి. మాత్ర మాత్రం పదింటికే. మూడో రాత్రి పదకొండున్నరకి నిద్ర వచ్చింది. ఐదో రాత్రి మాత్ర వేసుకోకుండా చూశాను, పదకొండు కాకుండానే కళ్లు మూతలు పడ్డాయి. గడియారం జరిగిందా లేదా తెలుసుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష అదే, మందు లేని రాత్రి నిద్ర ఎప్పుడు వస్తుందో చూడటం. భోగి మంట దగ్గర నాన్న పక్కన నిటారుగా నిలబడ్డాను.

మెలటోనిన్ వేసుకున్నాక బండి నడపకండి. ఫిట్స్ ఉన్నవాళ్లు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడగకుండా వేసుకోకూడదు. మీకే రాసిన నిద్రమాత్ర ఏదైనా ఉంటే ఒకటి రెండు రాత్రులు ఎలా వాడాలో ఆ డాక్టరే చెప్పాలి. మద్యం తాగిన పూట అది వద్దు, విమానంలో కూడా వేసుకోకండి. మత్తులో గంటల తరబడి కాళ్లు కదపకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మీ అమ్మగారి స్ట్రిప్ జోలికి అసలు వెళ్లకండి. మీరు నాలుగు తీసేసి ఆవిడకి తక్కువైతే, రోజూ వాడే మనిషికి ఉన్నట్టుండి ఆపడం చాలా ఇబ్బంది.

తిరుగు ప్రయాణానికి మెలటోనిన్ అక్కర్లేదనే నా అనుభవం. పడమటికి వెళ్తే గడియారం వెనక్కి జరగాలి, అది ఒంటికి తేలిక. లండన్‌లో సాయంత్రం వెలుతురులో గడిపి, పదిదాకా కునుకు తీయకుండా ఆపుకుంటే మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది.