ఎత్తు మడులకు మట్టి ఎన్ని ట్రక్కులు తోలించాలి?

ప్రశ్న: సార్ నమస్కారం. కూరగాయలకు 10 ఎత్తు మడులు వేద్దామనుకుంటున్నాను. ఒక్కోటి 40 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు, మధ్యలో అడుగున్నర బాట. గుణిస్తే మడికి 160, పదికి 1600 క్యూబిక్ అడుగుల మట్టి అని నా లెక్క. పోయినేడు 3 మడులు ఇలాగే వేశాను. పోసిన రోజు 13 అంగుళాలు ఉంది, రెండు నెలలకే 10 అంగుళాలకు దిగిపోయింది. ట్రక్కువాళ్లు తక్కువ పోశారని నా అనుమానం. ఈసారి 18 ట్రక్కులు కావాలని మట్టి తోలేవాళ్లు, సగం ఇసుక కలిపి కొంచెం జిప్సం చల్లమని మందుల షాపాయన చెప్పారు. నీరు నిలిచే వైపు 60 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 2 అడుగుల లోతు కాలువ తవ్వి ఇసుక నింపమని కూడా అంటున్నారు. మొత్తం ఎంత మట్టి, ఎంత ఇసుక తెప్పించాలి?

జవాబు: ముందు ఆ అనుమానం వదిలేయండి, ట్రక్కువాళ్లు మీకు తక్కువ పోయలేదు. పోసిన రోజు 13 అంగుళాలు వచ్చిందని మీరే రాశారు, అంటే అడిగినదానికన్నా ఎక్కువే వచ్చింది. తర్వాత తగ్గింది మట్టి కాదు, మట్టిలో ఉన్న గాలి. తవ్వి, ఎత్తి, ట్రక్కులో దొర్లించిన మట్టి గుల్లగా ఉంటుంది. నీళ్లు పెట్టి, వాన పడి, గడ్డలు కరిగాక ఒకదానిమీద ఒకటి సర్దుకుంటుంది. అంచుల్లో కొంత బాటలోకి జారి ఉంటుంది. 13 నుంచి 10కి దిగడం మామూలే, మోసం లేదు.

అయితే మీ లెక్కలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి ఎక్కువవైపు, ఇంకోటి తక్కువవైపు, అందుకే మీకు కనిపించలేదు.

మొదటిది, మీరు 40, 4, 1 గుణించి మడికి 160 క్యూబిక్ అడుగులని పెట్టారు, పదికి 1600. ఇటుకలో పలకలో నిలబెట్టి కట్టే మడికైతే ఆ లెక్క సరిపోతుంది. మీవి ఊరికే మట్టి మడులు, పక్కలు నిట్టనిలువుగా నిలవవు. అడుగున 4 అడుగులుంటే పైన 3 అడుగులే మిగలాలి, అంతకంటే నిలువుగా చెక్కితే మొదటి గట్టి వానకే జారుతుంది. సగటు వెడల్పు మూడున్నర. కాబట్టి మడికి 140, పదికి 1400.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, ఇది ఎవరూ చెప్పరు ఎందుకంటే చెబితే ట్రక్కులు తగ్గుతాయి. మడి ఎత్తు బాట నుంచి కొలవాలి, అసలు నేల నుంచి కాదు. ఆ అడుగున్నర బాటను 4 అంగుళాల లోతు తవ్వి ఆ పైమట్టినే పక్క మడిమీదకు ఎగదోయండి. బాట 4 అంగుళాలు దిగింది కాబట్టి మడి నేలమీద 8 అంగుళాలు లేస్తే చాలు, అడుగు ఎత్తు అయిపోయినట్టే. ఆ 8 అంగుళాలకు మడికి సుమారు 90 క్యూబిక్ అడుగులు పడుతుంది, పక్క బాట నుంచి 20కి పైగా మీ సొంత మట్టే వస్తుంది. బయటి నుంచి తేవాల్సింది మడికి 70, పదికి 700. అంటే 1600 అనుకున్నది సగానికన్నా తక్కువకు దిగింది. పైగా బాటలో తీసిన ఆ 4 అంగుళాల పైమట్టి మీ పొలంలోకెల్లా మంచి మట్టి, దాన్ని తొక్కిపారేసి ఎక్కడిదో మట్టి కొనడం నాకు నచ్చని పని. ఒక్క జాగ్రత్త, బాటలు దిగాక నీళ్లు అందులోనే చేరతాయి కాబట్టి పల్లం వైపు చివర తెరిచి ఉంచండి.

రెండో పొరపాటు కుంగుడు లెక్కలో లేకపోవడం. ఈ 700 కుంగిపోయాక మిగలాల్సిన కొలత, ట్రక్కులో వచ్చేది గుల్ల మట్టి. మీ పాత మడులే మీకు నమూనా. 13కి 3 దిగింది, అంటే 23 శాతం, అందులో అంచులు జారింది కొంత తీసేస్తే 20 శాతం పెట్టుకుందాం. ఇక్కడ చాలామంది 700కి 20 శాతం కలిపి 840 అంటారు, అది తప్పు. 840 గుల్ల మట్టి 20 శాతం కుంగితే 672 మిగులుతుంది, మళ్లీ తక్కువే. 100 పోస్తే 80 నిలుస్తుంది కాబట్టి 700ను 0.8తో భాగించాలి. 875 వస్తుంది, మీరు తెప్పించాల్సింది అది. ఇసుకపాలు ఎక్కువున్న మట్టి 10 శాతమే కుంగుతుంది, పెద్ద గడ్డలున్న బంకమట్టి 25 దాటొచ్చు, మట్టి చూశాక ఈ ఒక్క అంకె మార్చుకోండి.

ట్రక్కుల్లోకి మార్చడానికి టేపు కావాలి, మాట కాదు. ‘ఒక ట్రక్కు’ అనేది కొలత కానే కాదు, ఒక్కో తొట్టి ఒక్కో సైజు. తొట్టి లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి, బయట కాదు. లోపల 10 అడుగులు, 6 అడుగులు, అడుగున్నర ఉందనుకోండి, అంచుకు సమంగా పోస్తే 90 క్యూబిక్ అడుగులు. 875ను 90తో భాగిస్తే 9.7, అంటే 10 ట్రక్కులు. 18 కాదు. పైన గోపురంలా పోసింది దారి పొడవునా జారిపోతుంది, దాన్ని లెక్కలో పెట్టకండి. కొంచెం కిందికి సమం చేసి పంపితే ఎన్ని అంగుళాలు వెలితి ఉందో కొలిచి అంత తగ్గించండి, ఈ తొట్టిలో 3 అంగుళాల వెలితంటే 15 క్యూబిక్ అడుగులు పోయినట్టే. దిగుమతి అయ్యాక కుప్ప చూసి కొలత ఎవరూ చెప్పలేరు, తొట్టిలో ఉన్నప్పుడే చూడాలి.

పదీ ఒకేసారి తెప్పించకండి. ముందు 8 తెప్పించి, మడి కింద నేలను 6 అంగుళాలు గుల్ల చేసి, మట్టిని రెండు విడతలుగా పోయండి. 4 అంగుళాలు పోసి తడపండి, తర్వాత మిగతాది పోసి మళ్లీ తడపండి. కాళ్లతో తొక్కకండి, నీళ్లే సర్దాలి. 15 రోజులు వదిలేసి అప్పుడు ఎత్తు కొలిచి మిగతా 2 ట్రక్కుల సంగతి తేల్చుకోండి. డ్రిప్ పైపులు, నారు ఆ తర్వాతే. పశువుల ఎరువును ఎత్తు లెక్కలో కలపకండి, అది కుళ్లి ఏడాదిలో చాలావరకు తగ్గిపోతుంది, పైపొరలో విడిగా కలుపుకోండి.

కాలువ సంగతి. 60, 1, 2 గుణిస్తే 120 క్యూబిక్ అడుగులు. ఇసుక మట్టిలా కుంగదు గానీ దానికో వేరే గుణం ఉంది, కొద్దిగా తేమ ఉంటే ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ నీటిపొర చేరి వాటిని ఎడంగా ఉంచుతుంది, బాగా తడిపితే ఆ ఉబ్బు పోతుంది. సన్నటి ఇసుకైతే 25 శాతం, ఇంకా ఎక్కువ కూడా. పరీక్ష సులువే. నిలువు గోడల డబ్బాలో తేమ ఇసుకను నొక్కకుండా 20 సెంటీమీటర్లు పోయండి. దాన్ని తీసి, అదే డబ్బాలో సగం నీళ్లు పోసి, ఆ ఇసుకను మళ్లీ నీళ్లలో వేసి కదిపి, అడుగుకు చేరాక ఎత్తు కొలవండి. 16 వచ్చిందంటే మీరు 20 కొని 16 వాడుతున్నారు. ఆ లెక్కన 120 నిండాలంటే 150 క్యూబిక్ అడుగుల తేమ ఇసుక కావాలి, పై తొట్టితో 2 ట్రక్కులు. టన్నుల్లో అమ్మితే పొడి ఇసుక టన్నుకు సుమారు 22 క్యూబిక్ అడుగులు, తడి ఇసుకైతే నీళ్ల బరువుకూ మీరే కడతారు.

కానీ ఒక ప్రశ్న. ఆ కాలువకు చివర దారి ఉందా? లేకపోతే ఇసుక ఎంత నింపినా అది నీళ్ల తొట్టే, వేళ్లకు గాలి ఆడదు. 60 అడుగులకు ఆ చివరకు కనీసం 4 అంగుళాలు పల్లం ఇచ్చి, నీరు బయటికి పోయే దారి చూపించాకే ఇసుక మాట ఎత్తండి. సన్న ఇసుక వద్దు, ముతకదే వాడండి.

ఇక ఆ సగం ఇసుక సలహా. మీ మట్టి చేత్తో కూడా ముట్టకుండా ఇసుక, జిప్సం చెప్పిన మనిషి మాట ఎలా నమ్ముతారండీ? బంకమట్టిలో కొంచెం ఇసుక కలిపితే గుల్లబారదు, రేణువుల మధ్య బంక నిండి ఎండకు గట్టిగా బిగుస్తుంది. కొలత కూడా దెబ్బతింటుంది. 100 మట్టి, 100 ఇసుక కలిపితే 200 రాదు, మట్టి ఖాళీల్లోకి ఇసుక దిగిపోయి అంతకన్నా తగ్గుతుంది, మళ్లీ ట్రక్కువాళ్లను అనుమానిస్తారు. జిప్సం సోడియం ఎక్కువైన చౌడు నేలకు, అదీ పరీక్షలో తేలిన మోతాదులో. మామూలు మట్టికి అది దండగ.

నాకు అసలు టెన్షన్ వచ్చే మట్టి మూలం గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. పునాదులు తవ్విన లోపలి మట్టి చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, అందులో సేంద్రియ పదార్థం దాదాపు ఉండదు. పాత వంగ, టమాట చేలల్లోంచి తెస్తే వేరుబుడిపె నులిపురుగులు ట్రక్కులోనే వచ్చేస్తాయి, తుంగ గడ్డలైతే ఒక్కసారి దిగాక ఏళ్ల తరబడి పోవు. ఆ చోటికి వెళ్లి అక్కడి మొక్కల్ని నాలుగింటిని పీకి వేళ్లమీద బుడిపెలున్నాయేమో చూడండి. తర్వాత 6 చోట్ల నుంచి పిడికెడు పిడికెడు తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో భూసార పరీక్షకు ఇవ్వండి. ఉదజని సూచిక 6.5 నుంచి 7.5 మధ్య, లవణాల సూచిక 1 లోపు ఉంటే కూరగాయలకు తీసుకోవచ్చు. ఉదజని సూచిక 8.5 దాటితే ఊరికే ఇచ్చినా వద్దు. రిపోర్టు రాకముందు ఒక్క ట్రక్కు కూడా దించుకోకండి, దించాక దాన్ని మళ్లీ ఎత్తిపోయడం మీ ఖర్చే. రిపోర్టు, తొట్టి కొలతలు రెండూ రాసి పంపండి, కుంగుడు శాతం సరిచూసి చెబుతాను.