ఆ జవాబు ఈ రాత్రి పంపకు తల్లీ

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

మామిడి గుజ్జులో బ్రిక్స్, అదే చక్కెర పాళ్లు, తక్కువ వచ్చిందని దుబాయి వాళ్లతో తగవు మెయిళ్లలో బాగా ముదిరిందటగా. ఈ రాత్రికే వాళ్ల ఎండీకి కూడా కాపీ పెట్టి ఘాటుగా జవాబిస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఎగుమతుల పని నీ చేతికొచ్చిందని పొంగిపోయాను కానీ, కాపీ మాట వినగానే గుండె గుభేలుమంది. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబు చూసుకున్నదాన్ని. తోతాపురి తగవులు ఎలా మొదలై ఎక్కడ తేలతాయో నాకు తెలుసు.

రాసినదాన్ని డ్రాఫ్టులో ఉంచు, అడ్రసు మాత్రం తీసేయ్. పొద్దున చదువుకుంటే సగం నువ్వే కొట్టేస్తావు.

ఫోన్‌లో మాట్లాడితే తేలిపోతుందని మీ అమ్మ అందట. నిజమే, కానీ ఫోన్‌కు పిలవడం కూడా చేతకావాలి. మా ఎగుమతుల మేనేజరు ఒకాయన ఇలాగే విసిగిపోయి, అవతలివాళ్ల పెద్దలందరూ కాపీలో ఉండగా ఒక్క ముక్క రాశాడు: ‘మెయిళ్లు ఇక చాలు, ఫోన్‌లో మాట్లాడదాం.’ ఆయన ఉద్దేశం మంచిదే. కానీ అవతలివాడికి అది ‘కాగితం మీద దొరక్కుండా తప్పించుకుంటున్నారు’ అన్నట్లు వినిపించింది. పైగా తన పైవాళ్ల ముందు తన నోరు మూయించినట్లు అనిపించింది. ‘ఏది చెప్పినా రాతపూర్వకంగానే చెప్పండి’ అని తిరుగు జవాబు వచ్చింది. అప్పటినుంచి ప్రతి మెయిలూ వకీలు నోటీసులా తయారైంది. డ్రమ్ముల్లో గుజ్జు ఎలా ఉందన్నది అందరూ మరిచిపోయారు, ఎవరు ఎవరిని ఎంత మాటన్నారన్నదే మిగిలింది. ఆ కొనుగోలుదారు మరుసటి సీజనుకు మా వైపు రాలేదు. ఆ మేనేజరు చెడ్డవాడు కాదమ్మా, ఎందుకు పిలుస్తున్నాడో చెప్పలేదు, అంతే.

నువ్వు ఇంగ్లీషులో రాస్తావు కానీ మాట ఇలా ఉండాలి:

‘మీ పరీక్షలో బ్రిక్స్ 13.4 వచ్చింది, మా దగ్గర 14.2. ఒప్పందం కనీసం 14 కాబట్టి మీరు అడగడం సమంజసమే. ఈ తేడా ఎక్కడ వచ్చిందో రెండు ల్యాబుల వాళ్లూ కలిసి చూసుకుంటే త్వరగా తేలుతుందనుకుంటున్నాను. ఇరవై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడదామా? బుధవారం మీ సమయం 2 గంటలకు గానీ, గురువారం 11కు గానీ మీకు వీలవుతుందా? మాట్లాడుకున్నది అదే రోజు రాసి, ఇందులో ఉన్న అందరికీ పంపుతాను.’

చూడు, వాళ్ల అంకెను ముందు చెప్పావు. ‘తప్పు’ అనలేదు, ‘తేడా’ అన్నావు. చివరి వాక్యంతో దాపరికం అనుమానం పోతుంది. కాపీలో ఉన్నవాళ్లను తీసేయకు, కొత్తవాళ్లను చేర్చకు. కారణం తెలియకుండా ‘మా పొరపాటుకు క్షమించండి’ అనకు, రేపు అదే ఒప్పుకోలు అవుతుంది. దుబాయి మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది, వాళ్ల 2 మనకు మూడున్నర. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ, అది వద్దు.

ఫోన్‌లో మొదట మీ సంగతి చెప్పు: ‘మేము 20 డిగ్రీల దగ్గర కొలిచాం. మీరు కొలిచినప్పుడు గుజ్జు ఎంత వేడిగా ఉంది?’ ఇదే ప్రశ్న మెయిలులో రాస్తే ‘మీకు కొలవడం రాదా’ అన్నట్లుంటుంది, గొంతులో అయితే మామూలు ప్రశ్నే. బ్రిక్స్ లెక్క 20 డిగ్రీలకు కట్టినది. నమూనా 30 డిగ్రీల వేడిలో ఉండి, బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటరు దాన్ని తనంతట తాను సరిచేసేది కాకపోతే, దాదాపు 0.8 తక్కువ చూపిస్తుంది. వాళ్ల 13.4కు అది కలిపితే 14.2 అవుతుంది! అదే కారణమని ముందే తేల్చేసుకోకు సుమా. వాళ్లూ 20 దగ్గరే కొలిచి ఉంటే, డ్రమ్ములో గుజ్జు కలిపి నమూనా తీశారా అని అడుగు. అప్పటికీ తేలకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మూడో ల్యాబుకు పంపండి, ఫోన్‌లో వాదించకు.

వాళ్లు ఫోన్ వద్దంటే బలవంతపెట్టకు, రెండు ల్యాబులూ ఎలా కొలిచాయో రాసుకుందామని మర్యాదగా అడుగు. ఫిర్యాదుకు ఒప్పందంలో గడువు ఉంటే అది ఫోన్‌తో ఆగదని గుర్తుంచుకో, గడువులోపు రాయాల్సింది రాయాల్సిందే.

నాకు అన్నిటికన్నా భయం ఫోన్ పెట్టేసిన తరువాతి గంట గురించే. హాయిగా మాట్లాడుకున్నాం కదా అని ఊరుకుంటావు, నీ సంగతి నాకు తెలియదా? ఏది ఒప్పుకున్నారు, ఏది తేలలేదు, ఎవరు ఏ తేదీకి ఏం చేయాలి అన్నవి ఆ సాయంత్రమే పంపు. ‘నేను పొరపాటుగా రాసి ఉంటే సరిదిద్దండి’ అని చివర చేర్చు.

బుధవారం మూడున్నరకు ముందు కడుపునిండా తిను. ఆకలి మీద నీ గొంతు అచ్చం మీ నాన్న గొంతులా లేస్తుంది.

మీ పెద్దమ్మ