మొదటిసారి ఆర్‌ఓ కొన్నవాళ్ల కోసం మాన్యువల్ ఎలా రాయాలి?

ప్రశ్న: మా అన్నయ్య చిన్న స్థాయిలో ఆర్‌ఓ వాటర్ ప్యూరిఫయర్లు అసెంబుల్ చేసి అమ్ముతాడు. కొనేవాళ్లలో ఎక్కువమంది ఇన్నాళ్లూ క్యాన్ నీళ్లు తాగినవాళ్లే. వాళ్ల కోసం తెలుగులో యూజర్ మాన్యువల్ రాయమని నాకు చెప్పాడు. ఏ వరసలో రాయాలి, ఏమేం పెట్టాలి? రాసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆర్‌ఓ మిషన్ల సర్వీసులో కొన్నేళ్లు ఇళ్ల చుట్టూ తిరిగి, ఆ తర్వాత ఒక చిన్న కంపెనీకి తెలుగు మాన్యువల్ రాశానండి. మాన్యువల్‌ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు నాకు దాదాపు కనిపించలేదు. మిషన్ బిగించిన రోజు ఒకసారి తీస్తారు, ఏదైనా తేడా వస్తే మళ్లీ తీస్తారు. అందుకని భాగాల పేర్లతో మొదలుపెట్టకండి. ఈ మిషన్ ఏం చేస్తుంది, బిగించే రోజు, రోజూ వాడేటప్పుడు, ఊరెళ్లేటప్పుడు, మిషన్ బయట మట్టిని ఆపే ఫిల్టర్, అంటే క్యాండిల్ మార్చేటప్పుడు, నీళ్లలో తేడా వచ్చినప్పుడు, చివర వారంటీ. ఇదీ వరస. భాగాల బొమ్మ వెనక పేజీలో ఉంటే చాలు.

మొదటి పేజీ చిన్నదే కానీ నిజాయితీగా ఉండాలి. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంత ఉన్నాయో చెప్పే అంకె మాత్రమే. తాగే నీళ్లకు మన బీఐఎస్ ప్రమాణం ప్రకారం ఇది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. మీటర్‌లో తక్కువ అంకె కనబడితే క్రిములు లేనట్టు కాదు. ఫ్లోరైడ్ ఎంత ఉందో కూడా ఆ మీటర్ చెప్పదు. నల్గొండ వైపు మిషన్లు అమ్మేటట్టయితే ఈ మాట పెద్ద అక్షరాల్లో వేయండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ పళ్లకూ ఎముకలకూ చేటు. కాచినా పోదు, యూవీ లైటు కింద పంపినా పోదు. మిషన్‌లో ఉప్పుల్ని ఆపే సన్నటి పొర, అంటే ఆర్‌ఓ మెంబ్రేన్, దాన్ని బాగా తగ్గిస్తుంది. అయినా ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయించుకోమని రాయాలి.

బిగించే రోజు పేజీలో చోటు గురించి చెప్పండి. ఎండ పడకూడదు, పడితే పైపుల్లో, క్యాండిల్ ఉండే బౌల్‌లో పాచి పడుతుంది. స్టవ్ పైన వద్దు. ప్లగ్ పాయింట్ మిషన్‌కి పక్కన ఉండాలి, కింద ఉండకూడదు. ఎక్కువమంది పట్టించుకోని విషయం ఇంకోటి ఉంది. ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు మిషన్ కంటే కనీసం పది అడుగుల ఎత్తులో ఉండాలి. పై అంతస్తు ఇళ్లలో ఆ ఎత్తు ఉండదు. ప్రెషర్ చాలక మిషన్ మాటిమాటికీ ఆగిపోతుంది, లేదా మోటార్ నీళ్లు లేకుండా గరగరలాడుతుంది. అలాంటి ఇంట్లో మిషన్‌కి ముందు ఇంకో చిన్న పంపు అవసరం అవుతుందని మాన్యువల్‌లోనే చెబితే, తర్వాత కస్టమర్‌తో గొడవ ఉండదు.

అదే పేజీలో, మొదటి రెండు ట్యాంకుల నీళ్లు పారబోయమని రాయండి, ఎందుకో కూడా చెప్పండి. కొత్త కార్బన్ ఫిల్టర్ నుంచి నల్లటి పొడి వస్తుంది. మెంబ్రేన్ పాడవకుండా కంపెనీలో పూసిన మందు కూడా కొంత ఉంటుంది. కారణం చెప్పకపోతే అన్ని నీళ్లు పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇక నా లెక్కలో మాన్యువల్ మొత్తానికీ ముఖ్యమైన పేజీ ఇది. దాన్ని ఖాళీ గడులతో వేసి, బిగించే అబ్బాయే కస్టమర్ ముందు నింపేలా చూడండి. నాలుగు అంకెలు చాలు. లోపలికి వెళ్లే నీళ్ల టీడీఎస్, బయటికి వచ్చే మంచినీళ్ల టీడీఎస్, లీటరు మంచినీళ్లు నిండడానికి పట్టిన సమయం, అదే సమయంలో వేస్ట్ పైపు నుంచి వచ్చిన నీళ్లు. కొలిచేటప్పుడు మంచినీళ్లని స్టోరేజీ ట్యాంకు కుళాయి దగ్గర కాదు, ట్యాంకులోకి వచ్చే సన్న పైపు దగ్గర పట్టాలి. కుళాయి దగ్గర పడితే నిల్వ ఉన్న నీళ్లే ధారగా వచ్చేస్తాయి, లెక్క తప్పుతుంది.

ఈ అంకెలు తర్వాత ఎలా పనికొస్తాయో చూపించడానికి మాన్యువల్‌లో ఒక ఉదాహరణ వేయండి. బోరు నీళ్లు వాడే ఇల్లు అనుకుందాం. మొదటి రోజు లోపలికి 840, బయటికి 70. లీటరు మంచినీళ్లకు 5 నిమిషాలు, ఆ 5 నిమిషాల్లో వేస్ట్ నీళ్లు రెండున్నర లీటర్లు. అంటే బోరు నీళ్లలో ఉన్న ఉప్పుల్లో పన్నెండో వంతే మంచినీళ్లలోకి వస్తోంది.

మే నెలలో మీటర్ పెడితే బయటి నీళ్లు 105 చూపించాయి. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. మెంబ్రేన్ పోయింది, మార్చాలి అనేవాళ్లు కూడా ఎవరో ఒకరు ఉంటారు. అప్పుడు బోరు నీళ్లు కూడా కొలిస్తే 1260 వచ్చింది. ఎండాకాలంలో బోరు అడుగంటే చోట్ల టీడీఎస్ ఇలా పెరుగుతూ ఉంటుంది. 1260లో 105 అంటే ఇప్పటికీ పన్నెండో వంతే. మెంబ్రేన్‌కి ఏమీ కాలేదు. అదే బోరు నీళ్లు 840 దగ్గరే ఉండి బయట 210 చూపిస్తే నాలుగో వంతు ఉప్పులు దాటి వస్తున్నట్టు. అప్పుడు ముందుగా, మంచినీళ్లలో కొంచెం మెంబ్రేన్ దాటని నీళ్లు కలిపే టీడీఎస్ అడ్జస్టర్‌ని ఎవరైనా తిప్పారేమో చూడాలి. తిప్పకపోతే మెంబ్రేన్ దెబ్బతిన్నదో, దాని రబ్బరు రింగు జరిగిందో మెకానిక్ తేలుస్తాడు. బయటి అంకె ఒక్కటే చూసి మెంబ్రేన్ మార్పించుకోవద్దని ఇక్కడ స్పష్టంగా రాయండి. మీ అన్నయ్యకు ఒక మెంబ్రేన్ అమ్మకం తగ్గొచ్చు, కానీ ఆ కస్టమర్ పక్కింటివాళ్లను కూడా తీసుకొస్తాడు.

రెండో ఫిర్యాదు, నీళ్లు తక్కువ వస్తున్నాయి. ఇక్కడే వేస్ట్ నీళ్ల కొలత పనికొస్తుంది. పై ఇంట్లోనే లీటరుకి ఇప్పుడు 10 నిమిషాలు పడుతోంది అనుకుందాం. వేస్ట్ నీళ్లు కూడా 5 నిమిషాలకు సుమారు లీటరుంపావుకు పడిపోతే, మిషన్ లోపలికే నీళ్లు సరిగా వెళ్లడం లేదు. మొదట బయటి క్యాండిల్ చూడాలి. తెల్లగా ఉండాల్సింది మట్టి రంగుకి తిరిగి ఉంటుంది. అది బాగానే ఉంటే లోపలి ఫిల్టర్లు, పంపు, అడాప్టర్ చూడాలి. అలా కాకుండా వేస్ట్ నీళ్లు మునుపటిలాగే రెండున్నర లీటర్లు వస్తూ మంచినీళ్లు మాత్రమే సగమయ్యాయంటే, మెంబ్రేన్ మీద సున్నం పేరుకున్నట్టు. చలికాలంలో నీళ్లు చల్లబడినప్పుడు మెంబ్రేన్ కొంత నెమ్మదిస్తుంది, అది లోపం కాదని పక్కన ఒక వాక్యం రాయండి. డిసెంబరులో వచ్చే ఫోన్లు కొన్ని తగ్గుతాయి.

మిషన్ ఆగిపోయి, ట్యాంకు నిండాక కూడా వేస్ట్ పైపు కారుతూనే ఉంటే, మిషన్ ఆగినప్పుడు లోపలికి వచ్చే నీళ్లను కరెంటుతో ఆపే సొలినాయిడ్ వాల్వ్ పట్టేసినట్టు. రాత్రంతా నీళ్లు వృథాగా పోతాయి కాబట్టి, సర్వీసు అబ్బాయి వచ్చేదాకా ఇన్‌లెట్ కుళాయి కట్టేయమని రాయాలి.

వేస్ట్ పైపు గురించి విడిగా ఒక హెచ్చరిక ఉండాలి. నీళ్లు వృథా అవుతున్నాయని దాని చివర మడిచి దారం కట్టిన ఇళ్లు చూశాను. ఉప్పుల్ని బయటికి తోసుకుపోయేది ఆ నీళ్లే. దారి మూసేస్తే అవన్నీ మెంబ్రేన్ మీదే పేరుకుంటాయి. తగ్గించాలని చూడకుండా బకెట్‌లో పట్టుకుని వాడుకోమనండి. పై ఉదాహరణలో వేస్ట్ నీళ్ల టీడీఎస్ దాదాపు 1150 ఉంటుంది. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి బాగానే పనికొస్తాయి. కుండీల్లో మొక్కలకు రోజూ పోస్తే మాత్రం మట్టిలో ఉప్పు చేరుతుంది. తాగడానికీ వంటకీ అసలు వద్దు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో అది కూడా ఈ నీళ్లలోనే చిక్కబడి ఉంటుంది.

ఊరెళ్లేటప్పుడు ఏం చేయాలో చాలా మాన్యువళ్లలో ఒక్క ముక్క కూడా ఉండదు. వడపోసిన నీళ్లలో క్లోరిన్ మిగలదు, కార్బన్ ఫిల్టర్ దాన్ని తీసేస్తుంది. అందుకే ట్యాంకులో రోజుల తరబడి కదలకుండా ఉన్న నీళ్లలో క్రిములు మళ్లీ పెరగొచ్చు. రెండు మూడు రోజులకు మించి వెళ్తుంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇన్‌లెట్ కుళాయి కట్టేసి, స్విచ్ ఆపి వెళ్లాలి. తిరిగొచ్చాక మొదటి ట్యాంకు నీళ్లు పారబోయాలి. ట్యాంకు గోడ వేలికి జిగురుగా తగిలితే కడిగించాల్సిన సమయం వచ్చినట్టే.

కస్టమర్ సొంతంగా చేసుకోగలిగిన పని బయటి క్యాండిల్ మార్చడం ఒక్కటే. దాన్ని మాత్రం ప్రతి అడుగూ విడదీసి, పక్కన ఫోటోతో వేయండి. స్విచ్ ఆపాలి, ఇన్‌లెట్ కుళాయి కట్టేయాలి, కింద బకెట్ పెట్టుకుని ప్లాస్టిక్ స్పానర్‌తో బౌల్ విప్పాలి. పాత క్యాండిల్ తీసి, బౌల్‌ని సబ్బు లేకుండా కడగాలి. రబ్బరు రింగు దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి కొత్త క్యాండిల్ పెట్టి బిగించాలి. కుళాయి నెమ్మదిగా తిప్పి, రింగు దగ్గర చెమ్మ లేదని చూశాకే స్విచ్ వేయాలి. లీకేజీ అంటూ వచ్చిన ఫోన్లలో ఎక్కువసార్లు కారణం ఆ రింగు పక్కకి జరగడమే. ఎన్ని నెలలకు మార్చాలో ఒక్క అంకె వేసి వదిలేయకండి. మూడు నెలలకోసారి విప్పి చూడండి, రంగు మారితే మార్చండి అని రాయండి. మట్టి నీళ్లు వచ్చే వీధిలో నెలకే మారిపోతుంది.

వారంటీ పేజీలో వర్తించని వాటిని ముందు రాయండి. ఫిల్టర్లు, మెంబ్రేన్ వర్తిస్తాయా లేదా అన్నది చిన్న అక్షరాల్లో దాచొద్దు. ఫోన్ నంబరు కింద, ఫోన్ చేసేముందు ఆ నాలుగు అంకెలు మళ్లీ కొలిచి చెప్పమని ఒక వాక్యం వేయండి. సర్వీసు అబ్బాయి ఏ సామాను తీసుకెళ్లాలో అక్కడే సగం తేలిపోతుంది.

అచ్చుకి ఇచ్చేముందు ఒక పని చేయండి. ఇంట్లో ఎప్పుడూ ప్యూరిఫయర్ వాడని పెద్దావిడ ఎవరికైనా మాన్యువల్ చేతికిచ్చి, మీరు నోరు విప్పకుండా, ఆమెతో క్యాండిల్ మార్పించి చూడండి. ఆమె చెయ్యి ఆగిన చోట వాక్యం మార్చండి లేదా ఫోటో పెంచండి. మడతపెట్టి మిషన్ పక్కన తగిలించుకునేలా పై మూలలో ఒక చిల్లు కూడా కొట్టించండి.