అడ్వాన్సు, ఓవర్‌టైము, ఒక్క పనివాడు: జీతం పద్దు ఎలా రాయాలి?

ప్రశ్న: మాది గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న వెల్డింగ్ షాపు. మొదటిసారి ఒక కుర్రాణ్ణి నెల జీతం మీద పెట్టుకున్నాను. జీతం 15,600. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా పని, మధ్యలో గంట భోజనం, ఆదివారం సెలవు. చేరకముందే 12,000 అడ్వాన్సు తీసుకున్నాడు. పని ఎక్కువున్న రోజు రాత్రి ఎనిమిదింటిదాకా ఉంటాడు. ఒక్కడే కదా, లెక్కలు రాయాలా? అడ్వాన్సు తీరేదాకా వెళ్లనని బాండు రాయించుకోవచ్చా?

జవాబు: ముందు బాండు సంగతి. వద్దు. అప్పు తీరేదాకా వేరేచోటికి పోకూడదని కట్టడి చేస్తే వ్యవహారం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి పోతుంది. దానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. ఖాళీ చెక్కు, ఒరిజినల్ ఆధార్ కార్డు పట్టిపెట్టుకోవడం కూడా మీ మీద సాక్ష్యమే అవుతుంది. అతను మధ్యలో మానేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చి రావలసింది ఇచ్చేయాలి. మిగిలిన బాకీ మామూలు అప్పులాగే వసూలు చేసుకోవాలి.

2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ఒక్క పనివాడున్న షాపుకూ వర్తిస్తుంది. జీతం రాలేదని అతను మూడేళ్లలోపు ఎప్పుడైనా దావా వేయవచ్చు. అప్పుడు ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది మీరే. పుస్తకం రాయడం ఎందుకంటే ఇందుకు.

ఇక ఓవర్‌టైము. మీ పనిదినం 8 గంటలు, నెలకు 26 రోజులు. 15,600ను 26తో భాగిస్తే రోజుకు 600, గంటకు 75. ఆరింటి తర్వాత చేసిన ప్రతి గంటకూ దీనికి రెట్టింపు, అంటే 150 ఇవ్వాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. నాగా పెడితే 26తో భాగించి 600 పట్టుకుంటారు, ఓవర్‌టైముకు మాత్రం 30తో భాగిస్తారు. అలా చేస్తే గంటకు 65 అవుతుంది, రెట్టింపు 130. నెలకు 14 గంటలైతే 280 తక్కువిచ్చినట్టు. టీ, టిఫిన్ పెట్టించాం కదా అంటే ఓవర్‌టైము చెల్లినట్టు కాదు.

అడ్వాన్సులో రెండు మెలికలున్నాయి. చేరకముందు ఇచ్చినదాన్ని మొదటి పూర్తి నెల జీతం నుంచే పట్టుకోవాలి. పదో తేదీన చేరి ఉంటే ఆ అరకొర నెల జీతాన్ని ముట్టుకోవద్దు. ఆ 12,000లో ఊరినుంచి రావడానికని ఇచ్చిన దారిఖర్చులుంటే అవి తిరిగి రావు. కోతలన్నీ కలిపి ఆ నెల వేతనంలో సగం దాటకూడదు కాబట్టి 12,000 ఒక్కసారిగా పట్టుకోవడం కుదరదు. నెలకు 2,000 చొప్పున ఆరు నెలలని మొదట్లోనే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి.

ఒక నెల ఒక రోజు నాగా, 14 గంటల ఓవర్‌టైము అనుకుందాం. పద్దు ఇలా ఉంటుంది:

జీతం 15,600
నాగా కోత – 600
ఓవర్‌టైము 14 × 150 = + 2,100
రావలసింది 17,100
అడ్వాన్సు కోత – 2,000
చేతికి 15,100
అడ్వాన్సు నిల్వ 10,000

ఇదే చీటీ అతనికి ఇవ్వండి, ఒక ప్రతి మీ దగ్గర పెట్టుకోండి. జీతం వచ్చే నెల 7వ తేదీ లోపు ముట్టాలి.

హాజరు పుస్తకంలో వచ్చిన టైము, వెళ్లిన టైము ఏ రోజుది ఆ రోజే రాసి సంతకం పెట్టించండి. నెలాఖరున ఒకే పెన్నుతో, రోజూ 9, 6 అని నింపేసిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. రాత్రి 7.40కి మీరే అతనికి పంపిన వాట్సాప్ మెసేజీ దాన్ని అబద్ధం చేస్తుంది. ఖాళీ వోచరు మీద సంతకం తీసుకుంటే అసలు వోచర్ల మీదా అనుమానం వస్తుంది.

ఎక్కువ తగాదాలు పెద్ద అడ్వాన్సు మీద రావు, మధ్యలో ఇచ్చే 200, 500 చేబదుళ్ల మీద వస్తాయి. గోడ క్యాలెండరు మీద మీరొక్కరే రాసుకున్న అంకె అతని లెక్కతో కలవదు. వాటికి వేరే పేజీ పెట్టి తేదీ, మొత్తం, సంతకం, నిల్వ రాయండి. ఫోన్‌పేలో పంపితే రిమార్కులో ‘అడ్వాన్సు’ అనో ‘జూన్ జీతం’ అనో తప్పక రాయండి, రెండూ కలిపి ఒకే మొత్తంగా పంపకండి.

మీ ప్రాంతానికి, ఆ పనికి కనీస వేతనం ఎంతో కార్మికశాఖ కార్యాలయంలో కనుక్కోండి. కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. ఆ అంకె 15,600 దాటితే పైన చెప్పిన గంట రేటు కూడా మారుతుంది. ఈఎస్ఐకి పదిమంది, పీఎఫ్‌కి ఇరవై మంది ఉండాలి కాబట్టి వాటి పేరుతో ఇప్పుడు జీతంలో ఏమీ పట్టుకోకండి.