ఇబిడ్, ఎట్ ఆల్, సి.ఎఫ్. అంటే ఏమిటి?

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం. పేపర్లలో ఇబిడ్, ఎట్ ఆల్, సి.ఎఫ్. అని కనిపిస్తున్నాయి. వీటి అర్థమేంటి, నేనూ వాడొచ్చా?

మూడూ లాటిన్ మాటల పొట్టి రూపాలే. ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇబిడ్ కాబట్టి ముందు దాన్నే చూద్దాం. ఇబిడెమ్ అంటే 'అక్కడే'. అంటే సరిగ్గా ముందున్న ఫుట్‌నోట్‌లో చెప్పిన పుస్తకమే అని. నాలుగో నోట్‌లో ఒక పుస్తకం, 52వ పేజీ ఇచ్చారనుకోండి. ఐదో నోట్‌లో 'ఇబిడ్., 60' అంటే అదే పుస్తకం 60వ పేజీ. రేపు ఆ రెండింటి మధ్య ఇంకో పుస్తకం నోట్ చేర్చారంటే, ఇబిడ్ చడీచప్పుడు లేకుండా ఆ కొత్త పుస్తకం వైపు తిరిగిపోతుంది. ముందు నోట్‌లో రెండు పుస్తకాలున్నా ఇదే చిక్కు, ఏది 'అక్కడే'నో తెలియదు. అందుకే రచనా నియమాల పుస్తకమైన షికాగో మాన్యువల్ 2017 ఎడిషన్ దీని బదులు రచయిత ఇంటిపేరు, కుదించిన శీర్షిక రాయమంటుంది. నా సలహా కూడా అదే. రాసేటప్పుడు వాడకండి, చదివేటప్పుడు గుర్తుపడితే చాలు.

ఎట్ ఆల్ అంటే 'మరియు ఇతరులు'. ఏపీఏ అనే రిఫరెన్సుల పద్ధతిలో, వ్యాసం మధ్యలో పేర్లు చెప్పేటప్పుడు, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది రచయితలుంటేనే ఇది వస్తుంది. ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ 1935లో రాసిన పేపర్ 'ఐన్‌స్టీన్ ఎట్ ఆల్. (1935)' అవుతుంది. 1953 నాటి డీఎన్ఏ పేపర్‌కి ఇద్దరే కాబట్టి వాట్సన్, క్రిక్ పేర్లు రెండూ రాయాలి. చుక్క 'ఆల్' తర్వాతే పెట్టాలి. 'ఎట్' పూర్తి మాట, దానికి చుక్క అక్కర్లేదు.

సి.ఎఫ్. అంటే 'పోల్చి చూడు'. చాలామంది దీన్ని 'చూడండి' అనే అర్థంలో వాడేస్తారు, అది తప్పు. మీ వాదనకు భిన్నంగా చెప్పిన రచన దగ్గర పెట్టండి.