పాలపొడితోనూ టెట్రా ప్యాకెట్ పాలతోనూ గడ్డ పెరుగు తోడుకోవాలంటే

ప్రశ్న: ఉరవకొండ దగ్గర గాలిమరల సైటులో ఉంటున్నాం. ఇక్కడికి రోజూ పచ్చిపాలు రావు. వారానికొకసారి తెచ్చుకునే వెన్న తీసిన పాలపొడి, టెట్రా ప్యాకెట్ పాలే దిక్కు. ప్యాకెట్ మీద ఉన్న కొలత ప్రకారం పొడి కలిపి తోడు వేస్తే పెరుగు పలచగా, పైన నీళ్లు తేలి వస్తోంది. టెట్రా పాలు తోడుకుంటాయి గానీ జావలా ఉంటాయి. గడ్డ పెరుగు రావాలంటే ఏం చేయాలి?

జవాబు:

ఆలూరు, ఆదోని వైపు రోడ్డు పనుల క్యాంపుల్లో మా కుటుంబం కొన్నేళ్లు ఉంది. వంట బాధ్యత నాదే కాబట్టి పాలపొడి పెరుగుతోనే అందరికీ అన్నం పెట్టవలసి వచ్చేది. మీకు ఎదురవుతున్న రెండు ఇబ్బందులూ పైకి ఒకేలా కనిపించినా వాటి కారణాలు వేరు. పాలపొడి విషయంలో పొడి చాలకపోవడం, కలిపిన పాలను తగినంతసేపు కాచకపోవడం కారణాలు. టెట్రా పాలు ఫ్యాక్టరీలోనే బాగా కాగి వస్తాయి; అక్కడ లోటు గట్టిదనానిది.

ముందుగా కొలత సంగతి చెబుతాను. ప్యాకెట్ మీద రాసేది తాగే పాలకు సరిపోయే కొలత. సాధారణంగా అది లీటరుకు 100 గ్రాముల దగ్గర ఉంటుంది. అలా కలిపిన పాలలో ఘనపదార్థం 9 శాతం చిల్లర మాత్రమే ఉంటుంది, కొవ్వు దాదాపు ఉండదు. మనం మామూలుగా కొనే టోన్డ్ పాలలో 3 శాతం కొవ్వు, 8.5 శాతం ఇతర ఘనపదార్థాలు కలిసి 11.5 శాతం ఉంటాయి. కొవ్వు లేని లోటును కూడా పొడే పూడ్చాలి కాబట్టి పెరుగుకు ఎక్కువ పొడి వేయాలి. నేను అర లీటరు నీళ్లకు 65 నుంచి 70 గ్రాములు వేసేదాన్ని. త్రాసు లేకపోయినా ఇబ్బంది లేదు: 200 గ్రాముల ప్యాకెట్‌ను మూడు సమభాగాలు చేసి ఒక భాగం వాడితే సరిపోతుంది. ఇంతకంటే మరీ ఎక్కువ వేస్తే పెరుగు గట్టిపడుతుంది గానీ పొడి వాసన, ఒక రకమైన తీపి తెలుస్తాయి. వెన్న తీసిన పాలపొడిలో సగానికి పైగా పాలచక్కెరే ఉంటుంది మరి.

ప్యాకెట్ మీద స్కిమ్డ్ మిల్క్ పౌడర్ అని ఉందా, డెయిరీ వైట్నర్ అని ఉందా అన్నది తప్పకుండా చూడండి. రెండోది టీ, కాఫీల కోసం చేసేది, అందులో సాధారణంగా చక్కెర కలిపి ఉంటుంది. దానితో వేసిన పెరుగు మజ్జిగకు గానీ పోపు పెట్టుకోవడానికి గానీ పనికిరాదు.

ఇక కలిపే పద్ధతి. నీళ్లు గోరువెచ్చని దానికంటే కాస్త ఎక్కువగా, చేయి పెట్టగలిగేంత వేడిగా ఉండాలి. మరుగుతున్న నీళ్లలో పొడి పోస్తే పైపొర వెంటనే జిగురై లోపలి పొడి తడవకుండా ఉండలు కడుతుంది. పొడిని గిన్నెలో వేసి, కొద్దిగా నీళ్లు పోసి దోసెపిండిలా కలిపి, ఆ తర్వాత మిగతా నీళ్లు పోస్తూ పలచన చేయండి. ఉండలు పోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. పొడిలోని మాంసకృత్తులు నీటిని పూర్తిగా పీల్చుకోవడానికి కొంత సమయం కావాలి కాబట్టి అరగంట మూతపెట్టి పక్కన ఉంచాలి. ఈ అరగంట ఇవ్వకపోతే తోడుకున్న పెరుగు నాలుకకు ఇసుకలా తగులుతుంది.

నీళ్ల గురించి కూడా ఒక మాట. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా, సున్నం ఎక్కువగా ఉంటాయి. అలాంటి నీటితో కలిపిన పాలు కాచేటప్పుడు విరిగే అవకాశం ఎక్కువ, తోడు పులుపెక్కడం కూడా ఆలస్యమవుతుంది. తాగడానికి తెచ్చుకునే ప్లాంటు క్యాను నీళ్లనే పెరుగుకూ వాడండి.

కాచడం దగ్గరే అసలు తేడా వస్తుంది. పొడితో చేసిన పాలు ఎలాగూ ఒకసారి వేడెక్కినవే కదా అని చాలామంది నేరుగా తోడు వేస్తారు. పాలలో కేసీన్ అనే మాంసకృత్తు పెరుగుకు అల్లికగా ఏర్పడుతుంది. తేటలో ఉండే మాంసకృత్తులు 85 డిగ్రీలు దాటిన వేడిలో కొంతసేపు ఉంటే విచ్చుకుని ఆ కేసీన్‌కు అంటుకుంటాయి. అలా అంటుకున్నప్పుడు అల్లిక దట్టమై నీటిని వదలకుండా పట్టుకుంటుంది. అంటుకోకపోతే గరిటె పెట్టగానే పసుపు పచ్చని తేట పైకి వస్తుంది, మీకు తేలుతున్న నీళ్లు అవే. పొడి చేసేటప్పుడు పాలను ఎంత వేడి చేశారన్నది తయారీని బట్టి మారుతుంది, ఆ వివరం మన చేతికి వచ్చే ప్యాకెట్ మీద సాధారణంగా ఉండదు. కాబట్టి ప్రతిసారీ మనమే కాచుకోవాలి. పొడి ప్యాకెట్ పూర్తిగా క్రిమిరహితం కాదు కనుక ఆ రకంగా కూడా కాచడమే మంచిది.

పొయ్యి మీద నేరుగా కాస్తే పొడి పాలు తొందరగా అడుగంటుతాయి, ఆ మాడువాసన పెరుగులో కూడా పోదు. అందుకని పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో పాలగిన్నెను దించి, మూతపెట్టి, మధ్యమధ్య అడుగు నుంచి కలుపుతూ కాచండి. పాల అంచుల వెంట చిన్న బుడగలు లేచి, ఆవిరి ధారగా వస్తున్నప్పటి నుంచి 20 నిమిషాలు ఉంచితే చాలు. పాలు పొంగనక్కరలేదు.

కాచిన పాలు చల్లారాక తోడు వేయాలి. చిటికెన వేలు ముంచి నెమ్మదిగా పది లెక్కపెట్టేవరకు ఉంచగలిగితే ఆ వేడి సరిగ్గా సరిపోతుంది. వేలు వెంటనే తీయాలనిపిస్తే ఇంకా ఆగాలి. ఆ వేడిలో వేసిన తోడు చచ్చిపోతుంది, తెల్లవారేసరికి పాలు పాలలాగే ఉంటాయి. అర లీటరుకు వేసవిలో ఒక చిన్న చెంచా తోడు, చలికాలంలో రెండు మూడు చెంచాలు వేయండి. ముందుగా తోడును కొద్దిపాటి పాలలో చిలికి, ఆపైన మొత్తంలో కలపాలి. గడ్డగా అలాగే వేస్తే ఒకచోట పులిసి, మరోచోట తోడుకోకుండా మిగులుతుంది.

టెట్రా ప్యాకెట్ పాల విషయానికి వస్తే, వాటిని 135 డిగ్రీలు దాటిన వేడిలో కొన్ని క్షణాలు ఉంచి, క్రిములు లేని ప్యాకెట్లలో నింపుతారు. అందువల్ల తెరవని ప్యాకెట్‌ను మళ్లీ మరిగించవలసిన అవసరం లేదు. శుభ్రమైన గిన్నెలో పోసి, వేలి పరీక్షకు సరిపడేంత వెచ్చబెట్టి తోడు వేయవచ్చు. అయితే అంత ఎక్కువ వేడిలో క్షణాలపాటు ఉన్న పాలకంటే, 85 నుంచి 95 డిగ్రీల మధ్య నిమిషాల తరబడి కాగిన పాలే గట్టి పెరుగునిస్తాయి. టెట్రా పాల పెరుగు మెత్తగా, గరిటె పెడితే జారిపోయేలా ఉండడం ఆ పాల స్వభావం. మీ చేతిలో తప్పేమీ లేదు, తోడు ఎక్కువ వేసినందువల్ల అది గట్టిపడదు కూడా, పులుపు మాత్రం పెరుగుతుంది.

మీ దగ్గర రెండూ ఉన్నాయి కాబట్టి రెండింటినీ కలపమని నా గట్టి సలహా. అర లీటరు టోన్డ్ టెట్రా పాలను కాస్త వేడి చేసి, పైన చెప్పినట్టు మొదట కొద్దిపాటి పాలలో 20 గ్రాముల పాలపొడిని ముద్దగా కలిపి, మిగతా పాలు పోసి, అరగంట ఉంచి, వేడినీళ్ల గిన్నెలో 20 నిమిషాలు కాచండి. పొడి కలిపారు కాబట్టి ఇక్కడ కాచడం మానకూడదు. టెట్రా పాలలోని 3 శాతం కొవ్వు వల్ల పెరుగుకు కమ్మదనం వస్తుంది, పొడి వల్ల మాంసకృత్తు 3 శాతం చిల్లర నుంచి 4 శాతం పైకి పెరిగి గడ్డ నిలుస్తుంది. క్యాంపులో సంగటిలోకి ఈ పెరుగు వేసినప్పుడు పొడి పాలన్న సంగతి అడిగేవరకు ఎవరికీ తెలిసేది కాదు. ఒక్క పాలపొడితో వేసిన పెరుగు ఎంత గట్టిగా వచ్చినా తెల్లగా, కాస్త పెళుసుగా ఉంటుంది, మీగడ కట్టదు, చిలికితే వెన్న రాదు. పెరుగన్నానికి, మజ్జిగకు మాత్రం నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

తోడు ఏదైతే పెరుగు అదే అవుతుంది. టెట్రా పాలలో వేరే బాక్టీరియా ఉండదు కాబట్టి ఈ మాట వాటికి మరింత వర్తిస్తుంది. ఊళ్లో ఎవరింట్లోనైనా ఆ పూట తోడుకున్న కమ్మటి పెరుగు తెచ్చుకుని, ప్రతిసారీ కొత్త పెరుగులోంచే రెండు చెంచాలు ముందుగా తీసి పెట్టుకోండి. ఫ్రిజ్ లేకపోతే రోజూ కొద్దిగానైనా తోడు వేస్తూ ఉండాలి. రెండు రోజులు ఆగిన పుల్లటి తోడుతో పెరుగు త్వరగా పులుస్తుంది, తేట విడుస్తుంది. పచ్చిమిరప తొడిమలు వేస్తే తోడుకుంటుందంటారు. ఏ రకం క్రిమి పెరుగుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి సైటులో నలుగురికి పెట్టే పెరుగుకు నేనైతే ఆ పద్ధతి వాడను.

మన ప్రాంతపు వాతావరణాన్ని బట్టి వేళ మార్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో పగలు తోడు వేస్తే నాలుగు గంటల్లో తోడుకుని, మరో రెండు గంటల్లో పులిసి నీళ్లు వదులుతుంది. రాత్రి భోజనాలయ్యాక మట్టి చట్టిలోనే తోడు వేసి, తెల్లవారుజామున గడ్డ కట్టగానే ఆ చట్టిని తడి ఇసుక మీదికి చేర్చండి. చట్టి కొంత తేటను పీల్చుకుంటుంది, మన పొడిగాలికి చట్టి చల్లబడి పులుపు నెమ్మదిస్తుంది. వాడిన ప్రతిసారీ చట్టిని వేడినీళ్లతో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం గిన్నెను హాట్‌బాక్సులో పెట్టి, దానిపైన కంబళి కప్పి, ఎనిమిది నుంచి పది గంటలు కదపకుండా ఉంచాలి. తోడుకుందో లేదో చూడడానికి మధ్యలో గిన్నెను ఊపితే అప్పుడే కడుతున్న గడ్డ విరిగి, ఆ తర్వాత ఎంతసేపు ఉంచినా నీళ్లు తేలుతూనే ఉంటాయి.

ఒకసారి సరిగ్గా రాకపోతే గిన్నెను చూసి కారణం పట్టుకోవచ్చు. పాలు ఏమాత్రం పులవకుండా అలాగే ఉంటే తోడు చచ్చిందన్నమాట. అవి అప్పటికే రాత్రంతా వెచ్చగా నిలవ ఉన్న పాలు కాబట్టి మళ్లీ తోడు వేయకుండా పారబోయడమే మంచిది. పులుపు తగిలి, ఇంకా వదులుగా ఉంటే వెచ్చదనం చాలలేదు. గిన్నెను గోరువెచ్చని నీళ్లలో దించి ఒకటి రెండు గంటలు ఉంచితే గట్టిపడుతుంది. చెంచాకు తీగలు సాగుతుంటే తోడు మార్చాలి. బుడగలు, చెడు వాసన, గులాబీ లేదా పచ్చటి మచ్చలు కనిపిస్తే ఆ పెరుగునూ అందులోంచి తీసిన తోడునూ రెండింటినీ పారేసి, గిన్నెను మరిగే నీళ్లతో కడిగి, ఊళ్లోంచి కొత్త తోడు తెచ్చుకోండి.